స్విచ్డ్ కెపాసిటర్ వలయాలు

స్విచ్‌లు, ఒక చిన్న కెపాసిటర్ కలిసి రెసిస్టర్ చేసే పనిని చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటును స్విచ్డ్ కెపాసిటర్ వలయం అంటారు. క్లాక్ తాళానికి స్విచ్‌లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే కెపాసిటర్ ఒక వైపు నుంచి కొంత ఛార్జిని తీసుకుని రెండో వైపు వదిలిపెడుతుంది. ఇది సెకనుకు వేలసార్లు జరుగుతుంది కాబట్టి, సగటున చూస్తే ఆ రెండు కొనల మధ్య నిలకడగా కరెంటు ప్రవహిస్తున్నట్టే ఉంటుంది. ఆ కరెంటు వోల్టేజీ తేడాకు అనులోమంగా ఉంటుంది కనుక వలయంలోని మిగతా భాగాలకు అక్కడ రెసిస్టర్ ఉన్నట్టే లెక్క.

సిలికాన్ చిప్ మీద పెద్ద విలువ గల రెసిస్టర్లను ఖచ్చితంగా తయారు చేయడం కష్టం. మాస్ సాంకేతికతలో మంచి స్విచ్‌లు, మంచి కెపాసిటర్లు మాత్రం సులభంగా వస్తాయి. శ్రవ్య పౌనఃపున్యాల ఫిల్టర్లను చిప్ లోపలే అమర్చడానికి 1970ల చివర్లో ఈ పద్ధతి దారి చూపింది. ఈ వ్యాసం ప్రధానంగా ఇంటిగ్రేటెడ్ ఫిల్టర్లకే పరిమితం. ఇదే పేరుతో పిలిచే వోల్టేజీ మార్పిడి వలయాలకు చూడండి: ఛార్జి పంపు.

చరిత్ర

మూల భావన ట్రాన్సిస్టర్ కన్నా చాలా పాతది. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1873లో వెలువరించిన విద్యుదయస్కాంత గ్రంథంలో కెపాసిటెన్స్‌ను కొలిచే ఒక పద్ధతిని వివరించాడు. కెపాసిటర్‌ను ఒక కమ్యుటేటర్ ద్వారా పదేపదే ఛార్జి చేసి, డిశ్చార్జి చేస్తూ, దాన్ని బ్రిడ్జి వలయంలో రెసిస్టర్ ఉండాల్సిన స్థానంలో పెట్టి తూచడం ఆ పద్ధతి సారాంశం. ఆయనకు అది కొలత సాధనం మాత్రమే. దానితో ఫిల్టర్ కట్టాలన్న అవసరం అప్పటికి లేదు.

ఆ అవసరం దాదాపు వంద ఏళ్ల తర్వాత వచ్చింది. 1972లో డి. ఎల్. ఫ్రైడ్ స్విచ్‌లు, కెపాసిటర్లతో నమూనా సంకేతాలను వడపోసే ఫిల్టర్ల గురించి ఒక పత్రం ప్రచురించాడు. 1975లో జేమ్స్ మెక్‌క్రియరీ, పాల్ గ్రే మాస్ చిప్ మీది కెపాసిటర్ల మధ్య ఛార్జిని పంచుతూ అనలాగ్ వోల్టేజీని అంకెలుగా మార్చే వలయాన్ని చూపించారు. చిప్ మీది కెపాసిటర్ల నిష్పత్తి ఎంత నమ్మదగినదో ఆ పని తేల్చింది. 1977 డిసెంబరులో ఒకే పత్రికా సంచికలో రెండు కీలక పత్రాలు వచ్చాయి. ఒకటి కెనడాకు చెందిన కేవ్స్, కోప్‌లాండ్, రహీమ్, రోజెన్‌బామ్‌లది. రెండోది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖకు చెందిన హోస్టిక్కా, బ్రోడర్‌సన్, గ్రేలది. మొదటి పత్రం శీర్షికలోనే స్విచ్డ్ కెపాసిటర్లను రెసిస్టర్లకు సమానమైనవిగా పేర్కొన్నారు.

రెండు మూడేళ్లలోనే ఈ పరిశోధన టెలిఫోన్ పరిశ్రమకు చేరింది. అంతవరకు ప్రతి టెలిఫోన్ ఛానెల్‌కూ ఒక హైబ్రిడ్ ఫిల్టర్ కావాల్సివచ్చేది. సిరామిక్ పలక మీద సన్నని పొర రెసిస్టర్లను పరిచి, ఒక్కొక్కదాన్ని లేజర్‌తో చెక్కి విలువ సరిచేసేవారు. లక్షల ఛానెళ్లకు ఇది మోయలేని ఖర్చు. 1980ల ఆరంభానికి ఆ ఫిల్టర్ చిప్ లోపలికి వెళ్లిపోయింది.

పనిచేసే విధానం

ప్రాథమిక వలయంలో ఒక కెపాసిటర్, రెండు మాస్ స్విచ్‌లు ఉంటాయి. కెపాసిటర్ కింది పలక భూమికి కలిసి ఉంటుంది. పై పలకను మొదటి స్విచ్ ప్రవేశ వోల్టేజీ V1కు, రెండో స్విచ్ నిర్గమం వైపున్న V2కు కలుపుతాయి. రెండు స్విచ్‌లను నడిపే క్లాక్‌లకు ఫై1, ఫై2 అని పేరు. ఈ రెండు ఎప్పుడూ ఏకకాలంలో ఆన్‌లో ఉండకూడదు. ఒకటి ఆగాక చిన్న విరామం ఇచ్చి రెండోది మొదలవ్వాలి. ఒక్క క్షణం రెండూ కలిసి మూసుకున్నా V1, V2 నేరుగా కలిసిపోయి, దాచిన ఛార్జి దారి తప్పుతుంది.

ఫై1లో కెపాసిటర్ V1కు ఛార్జి అవుతుంది. ఫై2లో V2కు చేరుతుంది. అంటే ఒక్కో చక్రంలో C × (V1 − V2) ఛార్జి ఒక వైపు నుంచి మరో వైపుకు దాటుతుంది. సెకనుకు f చక్రాలు ఉంటే సగటు కరెంటు

I = f × C × (V1 − V2)

ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీని కరెంటుతో భాగిస్తే సమాన నిరోధం వస్తుంది:

R = 1 / (f × C)

ఉదాహరణకు 1 పికోఫారడ్ కెపాసిటర్‌ను 100 కిలోహెర్ట్జ్ క్లాక్‌తో నడిపితే, 1 వోల్టు తేడాకు ప్రతి చక్రంలో 1 పికోకులూంబు దాటుతుంది. సెకనుకు లక్ష చక్రాలు కాబట్టి కరెంటు 0.1 మైక్రోఆంపియర్, నిరోధం 10 మెగాఓమ్‌లు. క్లాక్‌ను రెట్టింపు చేస్తే నిరోధం సగానికి తగ్గుతుంది. కెపాసిటర్‌ను పెద్దది చేసినా తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ పెద్ద నిరోధం కావాలంటే చిన్న కెపాసిటర్ పెట్టాలి. చిప్ రూపకర్తకు ఇంతకన్నా అనుకూలమైన సంగతి లేదు.

ఈ సమానత్వం సగటు మీద ఆధారపడింది. కరెంటు నిజానికి తెరలు తెరలుగా వస్తుంది. సంకేతం క్లాక్ కన్నా ఎంతో నెమ్మదిగా మారుతున్నప్పుడే దీన్ని రెసిస్టర్‌గా భావించవచ్చు. అందువల్ల సాధారణంగా క్లాక్‌ను సంకేత పౌనఃపున్యానికి యాభై నుంచి వంద రెట్లు ఎక్కువగా ఉంచుతారు.

విస్తీర్ణం, ఖచ్చితత్వం

ఈ పద్ధతి ఎందుకు నిలిచిందో తెలియాలంటే ఆ 10 మెగాఓమ్‌లను మామూలు రెసిస్టర్‌గా గీసి చూడాలి. పాలీసిలికాన్ పట్టీకి ఒక్కో చదరానికి 50 ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే రెండు లక్షల చదరాలు కావాలి. పట్టీ వెడల్పు 2 మైక్రాన్లయితే పొడవు 40 సెంటీమీటర్లు అవుతుంది. మెలికలు తిప్పి, మెలికల మధ్య మరో 2 మైక్రాన్ల ఖాళీ వదిలితే 1.6 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ఖర్చవుతుంది. అదే 1 పికోఫారడ్ కెపాసిటర్, చదరపు మైక్రాన్‌కు ఒక ఫెమ్టోఫారడ్ చొప్పున, 1000 చదరపు మైక్రాన్లలో ఇమిడిపోతుంది. స్విచ్‌ల చోటును పక్కన పెడితే తేడా 1600 రెట్లు.

స్థలం కన్నా ఖచ్చితత్వం ఇంకా పెద్ద సమస్య. మామూలు ఆర్‌సీ ఫిల్టర్ కటాఫ్ పౌనఃపున్యం R, C లబ్ధం మీద ఆధారపడుతుంది. చిప్ మీద రెసిస్టర్ విలువ 20 శాతం, కెపాసిటర్ విలువ 10 శాతం అటూ ఇటూ అవడం మామూలే. ఇవి వేర్వేరు పొరల్లో, వేర్వేరు తయారీ దశల్లో పుడతాయి కాబట్టి ఒకదాని పొరపాటును మరొకటి సరిచేయదు. ఒక కిలోహెర్ట్జ్‌కు గీసిన ఫిల్టర్ ఒక చిప్‌లో 760 హెర్ట్జ్ దగ్గర, మరో చిప్‌లో దాదాపు 1390 హెర్ట్జ్ దగ్గర తేలవచ్చు. దీనికి తోడు ఉష్ణోగ్రతతో రెసిస్టర్ విలువ మారుతూనే ఉంటుంది.

స్విచ్డ్ కెపాసిటర్ ఫిల్టర్‌లో R స్థానంలో 1/(f × C1), C స్థానంలో C2 పెడితే కటాఫ్ సూత్రం ఇలా మారుతుంది:

fc ≈ (f / 2π) × (C1 / C2)

ఇప్పుడు మిగిలినవి రెండే. ఒకటి క్లాక్ పౌనఃపున్యం. దీన్ని క్వార్ట్జ్ స్ఫటికం నిలబెడుతుంది. రెండోది ఒకే పొరలో, ఒకే చిప్ మీద, పక్కపక్కనే ఉన్న రెండు కెపాసిటర్ల నిష్పత్తి. ఆక్సైడ్ పొర మందం ఈ చిప్‌లో 10 శాతం ఎక్కువైతే రెండింటికీ ఎక్కువే అవుతుంది. వాటి నిష్పత్తి మాత్రం కదలదు. జాగ్రత్తగా గీస్తే ఆ నిష్పత్తి 0.1 శాతం దాకా నమ్మదగినది. ఉష్ణోగ్రత ప్రభావం కూడా రెండింటి మీదా సమానంగా పడి చాలావరకు రద్దవుతుంది.

లెక్క ఉదాహరణ: ఒక కిలోహెర్ట్జ్ లోపాస్ ఫిల్టర్

క్లాక్ 100 కిలోహెర్ట్జ్, కటాఫ్ 1 కిలోహెర్ట్జ్ అనుకుందాం. పై సూత్రం ప్రకారం C2/C1 నిష్పత్తి 15.92 కావాలి. C1ను 1 పికోఫారడ్‌గా తీసుకుంటే C2 15.92 పికోఫారడ్లు. ఇంతవరకు రెసిస్టర్ భావనే.

వలయం నిజంగా ఏం చేస్తుందో చక్రం తర్వాత చక్రం చూస్తే లెక్క కొంచెం మారుతుంది. ఫై1లో C1 ప్రవేశ వోల్టేజీని పట్టుకుంటుంది. ఫై2లో C1, C2 కలిసి ఛార్జిని పంచుకుంటాయి. కొత్త నిర్గమ వోల్టేజీలో పాత వోల్టేజీ వాటా C2/(C1 + C2), అంటే 0.9409. ఒక్కో చక్రం 10 మైక్రోసెకన్లు కాబట్టి ఈ తగ్గుదలకు సరిపోయే కటాఫ్ 970 హెర్ట్జ్ మాత్రమే. రెసిస్టర్ సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే 3 శాతం పొరపాటు పుట్టిందన్నమాట. కెపాసిటర్ల నిష్పత్తి వెయ్యిలో ఒక వంతు వరకు ఖచ్చితంగా వచ్చే చోట ఇది చిన్న పొరపాటు కాదు. సరైన విలువ కావాలంటే ఒక చక్రంలో మిగిలే వాటా 0.9391 అయ్యేలా చూడాలి. అప్పుడు నిష్పత్తి 15.42 వస్తుంది. ఈ కారణంగానే అసలు రూపకల్పన అంతా జెడ్ పరివర్తనంతో, అంటే విచ్ఛిన్న కాల గణితంతో సాగుతుంది. రెసిస్టర్ సమానత్వం తొలి అంచనాకే పనికొస్తుంది (చూడండి: జెడ్ పరివర్తనం, నమూనా సంకేత వ్యవస్థలు).

ఈ 15.42ను చిప్ మీద గీయడంలో ఇంకో మెళకువ ఉంది. పలకలను రసాయనంతో చెక్కేటప్పుడు అంచులు కాస్త లోపలికి తరిగిపోతాయి. పోయే విస్తీర్ణం చుట్టుకొలతకు అనులోమంగా ఉంటుంది. కనుక అన్ని కెపాసిటర్లలోనూ చుట్టుకొలతకు, విస్తీర్ణానికి ఉన్న నిష్పత్తి ఒకటే అయితే అన్నీ ఒకే శాతం తరుగుతాయి, వాటి మధ్య నిష్పత్తి చెడదు. అందుకే C2ను ఒకే పెద్ద పలకగా గీయరు. 1 పికోఫారడ్ యూనిట్ చదరం భుజం 31.6 మైక్రాన్లు. అటువంటి 14 చదరాలు పెట్టి, మిగిలిన 1.42 యూనిట్లకు 69.3 మైక్రాన్ల పొడవు, 20.5 మైక్రాన్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం గీస్తారు. దాని విస్తీర్ణం చదరానికి 1.42 రెట్లు, చుట్టుకొలత కూడా సరిగ్గా 1.42 రెట్లు. ఆక్సైడ్ మందం చిప్ ఒక పక్క నుంచి మరో పక్కకు క్రమంగా మారుతుంది కాబట్టి C1ను వరుస మధ్యలో ఉంచి, C2 యూనిట్లను దాని చుట్టూ సౌష్ఠవంగా పేరుస్తారు.

రకాలు

కెపాసిటర్‌ను స్విచ్‌లతో కలిపే తీరును బట్టి సమాంతర, శ్రేణి, శ్రేణి–సమాంతర, బైలీనియర్ రకాలున్నాయి. సమాంతర, శ్రేణి రకాలకు సమాన నిరోధం ఒకటే: 1/(f × C). బైలీనియర్ రకంలో కెపాసిటర్ ప్రతి అర్ధ చక్రంలో తలకిందులవుతుంది కాబట్టి నిరోధం నాలుగో వంతు, అంటే 1/(4 × f × C). పాఠ్యపుస్తకాల్లో ఇవన్నీ కనిపించినా చిప్‌ల మీద నిజంగా స్థిరపడింది వీటిలో ఏదీ కాదు. ఆ స్థానం కింద వివరించిన నాలుగు స్విచ్‌ల రకానిది.

పరాన్న కెపాసిటెన్స్, నాలుగు స్విచ్‌ల ఇంటిగ్రేటర్

సమాంతర రకానికి ఒక లోపం ఉంది. చిప్ మీద గీసిన ఏ కెపాసిటర్‌కైనా గీయని కెపాసిటర్లు కొన్ని వెంట వస్తాయి. పై పలకకూ సిలికాన్ పునాదికీ మధ్య కొంత, స్విచ్ ట్రాన్సిస్టర్ల జంక్షన్ల వల్ల కొంత, తీగల వల్ల కొంత కెపాసిటెన్స్ చేరుతుంది. వీటిని పరాన్న కెపాసిటెన్స్ అంటారు. 1 పికోఫారడ్ C1 పై పలకకు 0.1 పికోఫారడ్ పరాన్నం కలిస్తే C1 విలువ 10 శాతం పెరిగినట్టే. కటాఫ్ కూడా అంతే పెరుగుతుంది. జంక్షన్ కెపాసిటెన్స్ వోల్టేజీతో మారుతుంది కాబట్టి సంకేతం వికృతమవుతుంది కూడా. నిష్పత్తి మీద సంపాదించిన ఖచ్చితత్వమంతా ఇక్కడ నీరుగారిపోతుంది.

దీనికి 1970ల చివర్లో దొరికిన విరుగుడే నాలుగు స్విచ్‌ల ఇంటిగ్రేటర్. కెపాసిటర్ రెండు పలకల్లో దేన్నీ భూమికి శాశ్వతంగా కట్టరు. ఎడమ పలకను రెండు స్విచ్‌లు ప్రవేశ వోల్టేజీకీ భూమికీ మధ్య తిప్పుతాయి. కుడి పలకను మరో రెండు స్విచ్‌లు భూమికీ ఆపరేషనల్ యాంప్లిఫయర్ ప్రవేశానికీ మధ్య తిప్పుతాయి. ఆ ప్రవేశం ఎప్పుడూ భూమి వోల్టేజీ దగ్గరే నిలిచే బిందువు. దాన్ని మిథ్యా భూమి అంటారు. నిర్గమానికి, మిథ్యా భూమికి మధ్య C2 ఉంటుంది.

ఎడమ పలక దగ్గరి పరాన్న కెపాసిటెన్స్ సంకేత మూలం నుంచి ఛార్జి తీసుకుని నేరుగా భూమిలోకి వదిలేస్తుంది. C2 దాకా అది చేరదు. కుడి పలక దగ్గరిది భూమి నుంచి మిథ్యా భూమికి, అంటే సున్నా నుంచి సున్నాకు మారుతుంది. దాని మీద వోల్టేజీ మారదు కాబట్టి అది ఛార్జిని మోయదు. చివరికి C2లోకి వెళ్లే ఛార్జిని C1 ఒక్కటే నిర్ణయిస్తుంది. రెండు స్విచ్‌లు అదనంగా పెట్టినందుకు వచ్చిన ఈ లాభంతోనే స్విచ్డ్ కెపాసిటర్ ఫిల్టర్ పరిశోధనశాల దాటి ఫ్యాక్టరీకి చేరగలిగింది.

ఇదే వలయంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఎడమ పలక ప్రవేశానికి కలిసి ఉన్నప్పుడు కుడి పలకను భూమికి కలిపి, తర్వాతి దశలో రెండింటినీ మార్చితే నిర్గమం ప్రవేశంతో పాటు అదే దిశలో పెరుగుతుంది. కాకపోతే కొంత ఆలస్యం తోడవుతుంది. ప్రవేశాన్నీ మిథ్యా భూమినీ ఒకే దశలో కలిపితే గుర్తు తలకిందులై, ఆలస్యం లేకుండా వస్తుంది. క్లాక్ తీగలు రెండింటిని ఇటు అటు మారిస్తే చాలు, ధనాత్మక నిరోధం రుణాత్మకం అవుతుంది. మామూలు ఆర్‌సీ వలయంలో దీనికి ఒక అదనపు యాంప్లిఫయర్ పెట్టాలి. రెండో తరగతి ఫిల్టర్‌కు ఒకదాని గుర్తు మరోదానికి విరుద్ధంగా ఉండే రెండు ఇంటిగ్రేటర్లను వలయంగా కలపాలి. ఆలస్యం ఉన్నదాన్నీ లేనిదాన్నీ జత చేస్తే ఆ అవసరం తీరుతుంది, ఆలస్యం వల్ల వచ్చే దశ దోషం కూడా ఒకదానితో మరొకటి సరిపోతుంది.

ఇంటిగ్రేటెడ్ ఫిల్టర్లలో వాడుక: టెలిఫోన్ కోడెక్

ఈ పద్ధతి మొదట విస్తృతంగా స్థిరపడిన చోటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి లైన్ కార్డు. మాటను సెకనుకు 8000 నమూనాలుగా తీసి అంకెలుగా మార్చే పీసీఎం పద్ధతికి ముందు ఒక ఫిల్టర్ తప్పనిసరి. 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు మాటను దాదాపు మార్పులేకుండా పోనివ్వాలి. 4600 హెర్ట్జ్ దగ్గర కనీసం 32 డెసిబెళ్లు తగ్గించాలి. ఆ 4600 సంఖ్యకు కారణం ఉంది. 8000 నమూనాల వేగంలో 4600 హెర్ట్జ్ సంకేతం 3400 హెర్ట్జ్‌గా మారువేషం వేసుకుని మాటలో కలిసిపోతుంది. ఒకసారి కలిశాక దాన్ని విడదీయడం సాధ్యం కాదు. కింది కొసన 50, 60 హెర్ట్జ్ విద్యుత్ లైన్ల హోరును కూడా ఆపాలి.

నేషనల్ సెమీకండక్టర్ టీపీ3054 దీనికి మంచి నమూనా. కోడెక్, ఫిల్టర్లు రెండూ ఒకే చిప్‌లో ఉన్నాయి. ఉత్తర అమెరికా, జపాన్ వాడే మ్యూ నియమానికి ఈ చిప్‌ను, యూరప్, భారతదేశం వాడే ఏ నియమానికి దాని జోడీ టీపీ3057ను తయారు చేశారు. పంపే వైపు మొదట ఒక మామూలు ఆర్‌సీ యాక్టివ్ ఫిల్టర్, దాని వెనక 256 కిలోహెర్ట్జ్ క్లాక్‌తో నడిచే ఎనిమిదో తరగతి స్విచ్డ్ కెపాసిటర్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఉంటాయి. అందుకునే వైపు అదే క్లాక్‌తో నడిచే అయిదో తరగతి లోపాస్ ఫిల్టర్, దాని వెనక రెండో తరగతి ఆర్‌సీ ఫిల్టర్ ఉంటాయి.

స్విచ్డ్ కెపాసిటర్ ఫిల్టర్ ఉన్నాక మళ్లీ ఆర్‌సీ ఫిల్టర్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు క్లాక్ దగ్గర ఉంది. స్విచ్డ్ కెపాసిటర్ ఫిల్టర్ కూడా నమూనాలు తీసేదే కాబట్టి దానికీ మారువేషం బెడద తప్పదు. 256 కిలోహెర్ట్జ్ క్లాక్‌కు దగ్గరగా, అంటే దాదాపు 252.6 నుంచి 259.4 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్న సంకేతం మాట పట్టీలోకి దిగుతుంది. అయితే 3.4 కిలోహెర్ట్జ్‌కూ 252.6 కిలోహెర్ట్జ్‌కూ మధ్య చాలా దూరం ఉంది. ఆ మధ్యలో ఎక్కడో, ఉదాహరణకు 30 కిలోహెర్ట్జ్ దగ్గర కటాఫ్ గల రెండో తరగతి ఫిల్టర్ పెట్టినా 252 కిలోహెర్ట్జ్ దగ్గర 37 డెసిబెళ్ల తగ్గింపు వస్తుంది. ఆ కటాఫ్ 30 శాతం అటూ ఇటూ జరిగినా మాటకు ఏమీ కాదు. కాబట్టి చిప్ మీది మోటు రెసిస్టర్లతోనే ఆ ముందు ఫిల్టర్ కట్టవచ్చు. ఖచ్చితత్వం కావలసిన పనిని కెపాసిటర్ల నిష్పత్తికి, ఖచ్చితత్వం అక్కర్లేని పనిని రెసిస్టర్లకు పంచడమే ఈ అమరికలో ఉన్న తెలివి.

అందుకునే వైపు మరో బాధ్యత కూడా ఉంది. 8 కిలోహెర్ట్జ్ మెట్ల రూపంలో వచ్చే వోల్టేజీ పై పౌనఃపున్యాలను సహజంగానే తగ్గిస్తుంది. 3400 హెర్ట్జ్ దగ్గర ఈ నష్టం 2.7 డెసిబెళ్లు దాటుతుంది. లోపాస్ ఫిల్టర్ ప్రతిస్పందనను అక్కడ అంతే మేర పైకి లేపి నష్టాన్ని పూడుస్తారు.

ఇతర వాడుకలు

సాధారణ అవసరాలకు విడి చిప్‌లు వచ్చాయి. నేషనల్ సెమీకండక్టర్ ఎంఎఫ్10లో రెండు రెండో తరగతి ఫిల్టర్లుంటాయి. క్లాక్‌కూ కేంద్ర పౌనఃపున్యానికీ నిష్పత్తిని 50 లేదా 100గా ఎంచుకోవచ్చు. 100 ఎంచుకుని 100 కిలోహెర్ట్జ్ క్లాక్ ఇస్తే ఫిల్టర్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. క్లాక్‌ను 200కు మారిస్తే ఒక్క భాగమూ మార్చకుండా 2 కిలోహెర్ట్జ్‌కు జరుగుతుంది. ఇలా క్లాక్‌తో జరిపే సౌలభ్యం కొలత పరికరాల్లో, మోడెమ్‌లలో బాగా ఉపయోగపడింది. మాక్సిమ్ సంస్థ ఎనిమిదో తరగతి లోపాస్ ఫిల్టర్లను ఎనిమిది కాళ్ల చిప్‌లలోనే అందించింది.

డిజిటల్ ప్రక్రియలు చవకయ్యాక టెలిఫోన్ ఫిల్టర్ పని చాలావరకు అంకెల వైపుకు వెళ్లిపోయింది. స్విచ్డ్ కెపాసిటర్ ఇంటిగ్రేటర్ మాత్రం పోలేదు. సిగ్మా–డెల్టా మార్పిడి వలయాల్లో, ముఖ్యంగా శబ్దం, తూకం, ఉష్ణోగ్రత కొలిచేవాటిలో అది అంకెలకు ముందున్న మొదటి మెట్టుగా కొనసాగుతోంది (చూడండి: సిగ్మా–డెల్టా మాడ్యులేటర్). హార్డ్ డిస్కు రీడ్ ఛానెళ్ల వంటి అధిక పౌనఃపున్య ఫిల్టర్లకు నిరంతర కాల వలయాలే తగినవి.

పరిమితులు, దోషాలను గుర్తించడం

మొదటిది స్విచ్ వదిలే ఛార్జి. మాస్ ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉన్నప్పుడు దాని ఛానెల్‌లో కొంత ఛార్జి నిలిచి ఉంటుంది. ఆఫ్ అవగానే అది రెండు పక్కలకూ చిమ్ముతుంది. 5 మైక్రాన్ల వెడల్పు, 2 మైక్రాన్ల పొడవు గల స్విచ్‌లో, చదరపు మైక్రాన్‌కు 1 ఫెమ్టోఫారడ్, ప్రభావ వోల్టేజీ 3 వోల్టులు అనుకుంటే ఆ ఛార్జి 30 ఫెమ్టోకులూంబులు. సగం 1 పికోఫారడ్ కెపాసిటర్‌లోకి వెళ్లినా 15 మిల్లీవోల్టుల పొరపాటు. దీన్ని అదుపు చేయడానికి కుడి పలక స్విచ్‌ను ఎడమ స్విచ్ కన్నా కొద్దిగా ముందే తెరుస్తారు. అప్పటికి కుడి పలకకు దారి మూసుకుపోతుంది కాబట్టి తర్వాత ఎడమ స్విచ్ చిమ్మే ఛార్జి సంకేతంలోకి చేరదు. ముందుగా తెరిచిన స్విచ్ ఛార్జి సంకేతంతో మారదు. స్థిరమైన ఆఫ్‌సెట్‌గా మిగులుతుంది. పూర్తి డిఫరెన్షియల్ వలయంలో అది కూడా రెండు పక్కలా సమానమై చాలావరకు పోతుంది. సంకేతం లేనప్పుడు నిర్గమంలోని ఆఫ్‌సెట్ క్లాక్ వేగంతో పాటు మారుతూ ఉంటే అనుమానించాల్సింది మొదట దీన్నే.

రెండోది రొద. స్విచ్‌లో కాస్త నిరోధం ఉంటుంది, దాని ఉష్ణ రొదను కెపాసిటర్ ప్రతి నమూనాలోనూ పట్టేస్తుంది. దాని పరిమాణం నిరోధం మీద ఆధారపడదు. వోల్టేజీ వర్గం kT/C అవుతుంది. గది ఉష్ణోగ్రతలో 1 పికోఫారడ్‌కు ఇది 64 మైక్రోవోల్టులు. రొదను సగం చేయాలంటే కెపాసిటర్‌ను నాలుగింతలు చేయాలి. దానితో విస్తీర్ణం, యాంప్లిఫయర్ విద్యుత్ వినియోగం కూడా పెరుగుతాయి. కెపాసిటర్‌ను ఇష్టమొచ్చినంత చిన్నది చేయనివ్వని అసలు అడ్డుగోడ ఇదే.

మూడోది యాంప్లిఫయర్ వేగం. 256 కిలోహెర్ట్జ్ క్లాక్‌లో ఒక్కో దశకు 2 మైక్రోసెకన్ల కన్నా తక్కువ సమయమే దొరుకుతుంది. ఆలోపు నిర్గమం 0.1 శాతంలోపు స్థిరపడాలంటే దాదాపు ఏడు కాల స్థిరాంకాలు పట్టాలి. యాంప్లిఫయర్ యూనిటీ గెయిన్ పౌనఃపున్యం క్లాక్‌కు కనీసం అయిదు రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. స్థిరపడకపోతే ఛార్జి పూర్తిగా దాటదు. క్లాక్ పెంచుతూ పోతే మొదట ఫిల్టర్ శిఖరం ఎత్తు లెక్కకు మించి పెరగడం, తర్వాత కేంద్ర పౌనఃపున్యం క్లాక్‌తో పాటు జరగకుండా వెనకబడటం దీని గుర్తులు. స్విచ్‌ల నిరోధం సాధారణంగా ఇక్కడ దోషి కాదు: 5 కిలోఓమ్‌ల స్విచ్ 1 పికోఫారడ్‌ను 5 నానోసెకన్ల కాల స్థిరాంకంతో ఛార్జి చేస్తుంది. సరఫరా వోల్టేజీ బాగా తగ్గినప్పుడు మాత్రం స్విచ్ గేటుకు చాలినంత వోల్టేజీ అందదు, సంకేతం మధ్య స్థాయిలో ఉన్నప్పుడు స్విచ్ సరిగ్గా మూసుకోదు. గేటు వోల్టేజీని సంకేతంతో పాటు పైకెత్తే బూట్‌స్ట్రాప్ స్విచ్‌లు దీనికి పుట్టిన పరిష్కారం.

క్లాక్‌కు కింది హద్దు కూడా ఉంది. స్విచ్ జంక్షన్ల గుండా ఛార్జి నెమ్మదిగా కారుతుంది. క్లాక్ మరీ మెల్లగా నడిస్తే దశ ముగిసేలోపే నిల్వ ఛార్జి తరిగిపోతుంది. చిప్ వేడెక్కేకొద్దీ ఈ కారుడు వేగంగా పెరుగుతుంది కాబట్టి చలిలో బాగా పనిచేసిన మెల్లని ఫిల్టర్ వేడిలో తప్పుదారి పట్టవచ్చు.

మారువేషం దోషాన్ని పట్టుకునే పరీక్ష సులభం. 100 కిలోహెర్ట్జ్ క్లాక్ ఉన్న ఫిల్టర్‌కు 99.5 కిలోహెర్ట్జ్ సంకేతం ఇస్తే నిర్గమంలో 500 హెర్ట్జ్ స్వరం వినిపిస్తుంది. ప్రవేశాన్ని 99.6కు పెంచితే ఆ స్వరం 400కు దిగుతుంది. ప్రవేశం పెరుగుతుంటే స్వరం తగ్గుతోందంటే అది వలయంలో పుట్టిన కంపనం కాదు, క్లాక్ దగ్గరి నుంచి దిగిన సంకేతమే. దాన్ని ఆపాల్సింది ముందున్న ఆర్‌సీ ఫిల్టర్. స్విచ్డ్ కెపాసిటర్ భాగంలో ఎంత సరిదిద్దినా ప్రయోజనం ఉండదు. ఆసిలోస్కోపులో నిర్గమం మెట్లుమెట్లుగా కనిపించడం మాత్రం దోషం కాదు. క్లాక్ వేగంలో ఉండే ఆ మెట్లను చివరి ఆర్‌సీ దశ నునుపు చేస్తుంది (చూడండి: నమూనా సిద్ధాంతం, యాంటీ ఏలియాసింగ్ ఫిల్టర్).